ఫిట్సే రాని పిల్లకి ఫిట్స్ ఇంజెక్షన్ ఎందుకు ఏశారు?

"డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. మా చెల్లెలికి తొలికాన్పు. 35వ వారంలో చెకప్‌కి తీసకపోతే బీపీ 166/112 అన్నారు, పావుగంట పడుకోబెట్టి మళ్ళీ చూస్తే 164/110. యూరిన్‌లో ప్రోటీన్ ట్రేస్ మాత్రమే, కాళ్ళకి నీరు కూడా లేదు, తల మాత్రం రెండు రోజుల్నించి నొస్తా ఉండాది, పారాసిటమాల్ ఏసుకున్నా తగ్గలా. రెండు పిరుదులకీ రెండు పెద్ద సూదులు ఏసి 108లో ఒంగోలు పంపించారు. ఆడ ప్లేట్‌లెట్లు 88 వేలే ఉన్నాయన్నారు, అదే మందు సెలైన్‌లో పెట్టారు, కాన్పు అయినాక కూడా ఒక రోజంతా ఎక్కించారు, గంటగంటకీ మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. పిల్ల ఒళ్ళంతా వేడి వేడి అని ఏడ్చింది. తర్వాత తెలిసింది అది ఫిట్స్ మందంట. మా పిల్లకి జన్మలో ఫిట్స్ రాలేదు. బీపీ మందు ఇస్తే సరిపోయేది కదా, ఊరికే బాధపెట్టారని మా అమ్మ ఒకటే గొడవ. ఈరోజుకి కాన్పయ్యి ఐదో రోజు, ఇంటికొచ్చేశాం. అది నిజంగా అవసరమేనా?"

అవసరమే అమ్మా. అమ్మగారి బాధ నాకు అర్థం అయింది, ఫిట్స్ రాని పిల్లకి ఫిట్స్ మందేంది అని ఎవరికైనా అనిపిస్తుంది, అందుకే మొదటి నించీ చెప్తా, మీరు రాసిన నెంబర్లు పట్టుకునే చెప్తా, ఎందుకంటే మీ ఉత్తరంలోనే సమాధానం మొత్తం ఉంది.

ముందు జబ్బు పేరు. ప్రీఎక్లాంప్సియా. మన పెద్దాళ్ళు గుర్రపువాతం అని భయపడేది దీని ముదిరిన రూపాన్నే, అంటే ఫిట్స్ వచ్చేసిన దశని, దాన్ని ఎక్లాంప్సియా అంటాం. 20 వారాలు దాటినాక, అంతకుముందు బీపీ లేని మనిషికి 140/90 గానీ ఆపైన గానీ వచ్చి, నాలుగ్గంటలు ఆగి మళ్ళీ చూసినా అట్టాగే ఉంటే అనుమానం మొదలైద్ది. పైనెంబరు 140 దాటినా సరే, కిందనెంబరు 90 దాటినా సరే, రెండూ దాటాలని లేదు. కానీ మీ చెల్లెలి లాగా 160/110 దాటితే నాలుగ్గంటలు ఆగకూడదు, ఆ బీపీకి మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది, అందుకే పావుగంటలో మళ్ళీ చూసి వెంటనే మందు మొదలుపెట్టారు. కరెక్టుగా చేశారు.

ఇంక రెండో విషయం, యూరిన్‌లో ప్రోటీన్. పాతకాలంలో మేం చదువుకునేటప్పుడు బీపీ, యూరిన్ ప్రోటీన్, వాపు, ఈ మూడూ కావాలనేవాళ్ళు. ఇప్పుడు వాపు ఆ లెక్కలో లేదు, ఎందుకంటే కడుపుతో ఉన్నోళ్ళలో చానామందికి సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి, వాళ్ళకి ఏమీ కాదు, వాపు లేని పిల్లకేమో మీ చెల్లెలి లాగా మీదకి వచ్చుద్ది. కాళ్ళకి నీరు లేదు కదా బానే ఉందిలే అని ఇంట్లో కూర్చోబెట్టి ఆలస్యం చేసిన కేసులు నేను చానా చూశా. ప్రోటీన్ మాత్రం ఇప్పటికీ చూస్తాం, రోజు మొత్తం యూరిన్ పట్టి చూస్తే 300 మిల్లీగ్రాములు గానీ, ఆ పరీక్షకి టైం లేకపోతే స్ట్రిప్‌లో రెండు ప్లస్సులు గానీ ఉంటే ప్రోటీన్ పోతా ఉన్నట్టు లెక్క. కానీ అది లేకపోయినా జబ్బు లేదని కాదు, 2013లో అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఈ నిర్వచనం మార్చింది, ప్రోటీన్ లేకపోయినా బీపీతో పాటు ఒంట్లో ఇంకో అవయవం దెబ్బతిన్నట్టు కనపడితే అది ప్రీఎక్లాంప్సియానే అని.

ఆ ఇంకో అవయవం ఏందో మీ చెల్లెలి కేసులో రెండు చోట్ల కనపడింది. ఒకటి ప్లేట్‌లెట్లు, లక్ష కంటే తక్కువ పడితే లెక్కలోకి తీసుకుంటాం, తనకి 88 వేలు. రెండోది తలనొప్పి, కొత్తగా మొదలయ్యి, పారాసిటమాల్‌కి లొంగకుండా, వేరే కారణం కనపడకుండా ఉండే తలనొప్పి. కళ్ళ ముందు మెరుపులు, మసకలు, రెండుగా కనపడటం కూడా ఇదే జాతి. వీటికి తోడు లివర్ ఎంజైములు రెట్టింపు కావటం, డొక్కలో కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి (దీన్ని చానామంది గ్యాస్ అనుకోని జెలూసిల్ తాగి పడుకుంటారు, దయచేసి అట్టా చేయొద్దు), కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.1 దాటటం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావటం. వీటిల్లో ఏ ఒక్కటి ఉన్నా, లేదంటే బీపీ 160/110కి పోయినా, దాన్ని సివియర్ ఫీచర్స్ ఉన్న ప్రీఎక్లాంప్సియా అంటాం. మీ చెల్లెలికి బీపీ, తలనొప్పి, ప్లేట్‌లెట్లు, మూడూ ఉన్నాయి. యూరిన్‌లో ట్రేసే కదా అని తేలిగ్గా తీసుకోకుండా ఆ పీహెచ్‌సీ డాక్టరు తలనొప్పి గురించి అడిగి రాసి పంపించినందుకు నిజంగా దణ్ణం పెట్టాలి.

ఇంక అసలు ప్రశ్నకి వస్తా, బీపీ మందు ఇస్తే చాలదా అని.

ఈ జబ్బు పుట్టేది మాయ దగ్గర. కడుపు నిలిచిన మొదట్లో మాయ, గర్భసంచి గోడలోని సన్న రక్తనాళాల్ని వెడల్పు చేసుకోవాలి, కాలవకి పూడిక తీసినట్టు. కొందరిలో అది సరిగ్గా జరగదు, మాయకి రక్తం చాలదు, అప్పుడు ఆ మాయ నించి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి వదలబడతాయి, అవి ఒళ్ళంతా రక్తనాళాల లోపలి పొరని దెబ్బ తీస్తాయి. బీపీ పెరగటం అనేది ఆ దెబ్బకి బయటికి కనపడే ఒక గుర్తు అంతే. కిడ్నీలో అదే పొర దెబ్బతింటే ప్రోటీన్ కారుద్ది, లివర్‌లో దెబ్బతింటే డొక్క నొస్తది, మెదడులో దెబ్బతింటే రక్తనాళాల నించి నీరు మెదడు కణాల మధ్యలోకి ఊరి వాపు వచ్చుద్ది. ఆ వాపు ఎక్కువగా మెదడు వెనక భాగంలో వచ్చుద్ది, చూపుకి సంబంధించిన భాగం అదే, అందుకే ఫిట్స్‌కి ముందు కళ్ళు మసకలు కమ్మటం, మెరుపులు కనపడటం.

చూడండి, బీపీ మాత్రలు గానీ లాబెటలాల్ ఇంజెక్షన్ గానీ నిఫెడిపిన్ గానీ ఇస్తే 166 కాస్తా 145కి దిగుద్ది, దాంతో మెదడులో రక్తస్రావం కాకుండా ఆగుద్ది, అది చానా ముఖ్యం, అది కూడా మీ చెల్లెలికి ఇచ్చే ఉంటారు. కానీ మెదడులో అప్పటికే మొదలైన ఆ చికాకు బీపీ దిగినంత మాత్రాన చల్లారదు. బీపీ 145, 150 దగ్గరే ఉన్నోళ్ళకి కూడా ఫిట్స్ వచ్చాయి, నా కళ్ళతో చూశా. అందుకని రెండు మందులు రెండు పనులకి. బీపీ మందు బీపీకి, మాగ్నీషియం సల్ఫేట్ మెదడుకి. మేం లేబర్ రూంలో దాన్ని మాగ్‌సల్ఫ్ అంటాం. అది బీపీ తగ్గించే మందు కాదు, కాస్త తగ్గినా అది నిలవదు, దాన్ని నమ్ముకోని బీపీ మందు ఆపకూడదు, బీపీ మందు ఇచ్చాం కదా అని దీన్నీ ఆపకూడదు.

అది మామూలు మూర్ఛ రోగులకి ఇచ్చే మందు కూడా కాదు అమ్మా. ఈ మాట మీ అమ్మగారికి చెప్పండి, పిల్లకి మూర్ఛరోగం ముద్ర ఏమీ పడలేదు. ఇది భేదిఉప్పు ఉంటది చూడండి, కిరాణా కొట్లో దొరికేది, అదే రసాయనం, ఇంజెక్షన్‌కి తగ్గట్టు శుభ్రంగా తయారు చేసింది (నోట్లో ఏసుకుంటే విరోచనాలే తప్ప ఈ పని జరగదు, ఎవరూ ప్రయత్నం చేయొద్దు). నరాల కణంలోకి కాల్షియం జొరబడితేనే అది మండిపోయి పక్క కణాన్ని కూడా రెచ్చగొడతది, ఫిట్స్ అంటే ఆ మంట ఒక్కసారిగా మెదడంతా పాకటమే. మాగ్నీషియం ఆ కాల్షియం దూరే తలుపుకి అడ్డం కూర్చుంటది. దాంతో పాటు మెదడులోని సన్న రక్తనాళాల బిగువు వదిలిచ్చుద్ది, నీరు ఊరకుండా ఆ పొరని కొంత కాపాడుద్ది.

దీనికి గట్టి రుజువు ఉంది. 2002లో మాగ్‌పై అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి, 33 దేశాల్లో పదివేల మంది ప్రీఎక్లాంప్సియా తల్లుల మీద చేశారు, సగం మందికి మాగ్నీషియం, సగం మందికి మందు లేని ఉత్త ఇంజెక్షన్. ఉత్తది ఏసినోళ్ళలో వెయ్యికి 19 మందికి ఫిట్స్ వచ్చాయి, మాగ్నీషియం ఏసినోళ్ళలో వెయ్యికి 8 మందికి. అంటే సగానికి పైగా తగ్గాయి. అంతకుముందు 1995లో, అప్పటికే ఫిట్స్ వచ్చినోళ్ళ మీద ఇంకో పరీక్ష జరిగింది, డయాజెపామ్ కంటే, ఫెనిటాయిన్ కంటే మళ్ళీ ఫిట్స్ రాకుండా మాగ్నీషియమే బాగా ఆపుద్దని తేలింది.

ఇక్కడ మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉందని ఒప్పుకుంటా. ఆ వెయ్యిమందిలో మందు లేకపోయినా 981 మందికి ఫిట్స్ రాలేదు కదా. సివియర్ ఉన్నోళ్ళని తీసుకుంటే దగ్గర దగ్గర 60 మందికి మందు ఇస్తే ఒక్కరికి ఫిట్స్ ఆపినట్టు. మీ చెల్లెలు ఆ ఒక్కరా, మిగతా వాళ్ళలో ఒకరా అనేది ఏ డాక్టరూ చెప్పలేడు, ముందే తెలిసే పరీక్ష లేదు. ఫిట్స్ వచ్చినాక మందు పెడదాంలే అంటే, కందుకూరు నించి ఒంగోలు పోయే దారిలో, కదిలే బండిలో, ఒకళ్ళు కాళ్ళు పట్టుకోని ఒకళ్ళు చేతులు పట్టుకోని, నాలుక కరుచుకోని, ఊపిరి ఆగి, కడుపులో బిడ్డకి ఆక్సిజన్ అందక... ఒక్కసారి ఊహించుకోండి. అందుకే పీహెచ్‌సీలోనే మొదటి డోసు ఏసి బండెక్కిస్తారు. ఆ రెండు పెద్ద సూదులు అంత పెద్దవి ఎందుకంటే ఒక్కో ఆంపూల్ 2 మిల్లీలీటర్లు, అందులో 1 గ్రాము, ఒక్కో పిరుదుకి 5 గ్రాములు అంటే ఐదు ఆంపూళ్ళు, 10 మిల్లీలీటర్లు కండలోకి లోతుగా పోవాలి. రెండు పక్కలా కలిపి 10 గ్రాములు. నొప్పి ఉంటది, మూడు నాలుగు రోజులు కూర్చోటానికి కూడా కష్టమే. గడ్డ కట్టి ఎర్రబడితే మాత్రం చూపించండి.

ఒళ్ళు వేడెక్కటం, ముఖం ఎర్రబడటం, వాంతి వచ్చేటట్టు ఉండటం, ఒళ్ళు సడలిపోయినట్టు నీరసం, ఇవి ఆ మందుకి మామూలే, రక్తనాళాలు ఒదులయ్యి వచ్చే వేడి. అలర్జీ కాదు. ఎక్కిచ్చే ముందే ఒక మాట చెప్పుంటే మీ చెల్లెలు అంత బెదిరిపోయేది కాదు, ఆ ఒక్క మాట చెప్పకపోవటం మా వాళ్ళ తప్పే.

ఇంక సుత్తి సంగతి. ఇది నాకు మనసుకి దగ్గరైన విషయం, కాస్త వివరంగా చెప్తా. మాగ్నీషియం ఒంట్లో నించి బయటికి పోయేది కిడ్నీల దారిలోనే, యూరిన్‌లో. ఈ జబ్బేమో కిడ్నీల్నే దెబ్బ తీసేది. కిడ్నీ మందగిస్తే మందు బయటికి పోక రక్తంలో పేరుకుంటది, పేరుకుంటే కండరాల్ని మత్తులో పడేసినట్టు చేస్తది. మంచి విషయం ఏందంటే అది ఒక వరసలో జరుగుద్ది, ముందు మోకాలి జెర్క్ పోద్ది, ఆ తర్వాత ఇంకా పెరిగితేనే ఊపిరి మందగించేది, ఇంకా బాగా పెరిగితే గుండె. అంటే మోకాలు మనకి ముందే చెప్తది. అందుకే ప్రతి డోసుకీ ముందు, సెలైన్‌లో అయితే గంటగంటకీ, మూడు చూస్తాం. మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగరాలి, ఊపిరి నిమిషానికి 16కి తగ్గకూడదు, యూరిన్ గంటకి కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. ఆ క్యాథెటర్, బ్యాగు పెట్టింది ఆ కొలతకే.

చానా ఏళ్ళ కిందట, నేను పని చేసిన ఒక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ, కనిగిరి వైపు నించి వచ్చిన పిల్ల, బీపీ కంట్రోల్‌లోనే ఉంది, కాన్పు కూడా అయిపోయింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. కేసు షీట్‌లో నాలుగ్గంటలకొక డోసు అని రాసి ఉంది, తెల్లారుజాము రెండింటికి డోసు టైం అయింది. డ్యూటీలో ఉన్న సిస్టర్ సిరంజిలో మందు లాగి పెట్టి, ఏసేముందు కాలు మడిచి తట్టింది, ఎగరలా. రెండో కాలు తట్టింది, అదీ ఎగరలా. సిరంజి ట్రేలో పెట్టేసి నన్ను పిలిచింది. బ్యాగు చూస్తే నాలుగ్గంటల్లో 60 మిల్లీలీటర్లే ఉంది, కనీసం 120 రావాలి, సాయంత్రం క్రియాటినిన్ 1.6 వచ్చింది, ఆ రిపోర్టు ఎవరో ఫైల్‌లో పెట్టేశారు, డోసు తగ్గించాలని ఎవరికీ తట్టలా. పిల్ల మాట ముద్దముద్దగా ఉంది, ఊపిరి 14. ఆ డోసు ఆపేశాం, కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు నెమ్మదిగా, పది నిమిషాలు పట్టేటట్టు నరంలోకి ఇచ్చాం, అదే దీనికి విరుగుడు, అందుకే మాగ్‌సల్ఫ్ నడిచే మంచం పక్కన ఆ ఆంపూల్ ఎప్పుడూ ఉండాలి. పొద్దున్నే టీ టైంకి కాలు కొంచెం ఎగిరింది. ఆ సిస్టర్ ఆ రోజు తట్టకుండా షీట్‌లో ఉంది కదా అని ఏసుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తది. కాబట్టి గంటగంటకీ నిద్ర లేపి సుత్తితో కొట్టారంటే మీ చెల్లెల్ని జాగ్రత్తగా చూసుకున్నారని అర్థం.

కాన్పు అయినాక కూడా రోజంతా ఎందుకు అంటే, మాయ బయటికి రాగానే జబ్బు మూలం పోయినట్టే గానీ అప్పటిదాకా రక్తంలోకి చేరిన విషం లాంటి పదార్థాలు, మెదడులో వాపు, వెంటనే తగ్గవు, కాన్పు తర్వాత ఫిట్స్ వచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి 48 గంటల్లోనే వస్తాయి. అందుకే 24 గంటలు కొనసాగిస్తాం. 35 వారాలకే కాన్పు చేసింది కూడా అందుకే, సివియర్ ఫీచర్స్ ఉండి 34 వారాలు దాటితే ఇంక లోపల ఉంచటం తల్లికీ బిడ్డకీ మంచిది కాదు, మాయ తీసెయ్యటమే అసలు వైద్యం, మిగతా మందులన్నీ అప్పటిదాకా తల్లిని కాపాడుకోటానికే. పాలు ఇవ్వటానికి ఈ మందు అడ్డం కాదు, నిశ్చింతగా ఇప్పించండి.

ఇప్పుడు మీరున్న ఐదో రోజు గురించి చెప్పాలి, మీరు అడగలేదు గానీ నాకు దీని మీదే ఎక్కువ దిగులు. కాన్పు తర్వాత బీపీ మూడో రోజు నించి ఆరో రోజు మధ్యలోనే ఎక్కువ పెరుగుద్ది, సరిగ్గా ఇంటికొచ్చిన రోజులే. అరుదే గానీ ఆరు వారాల దాకా ఫిట్స్ వచ్చిన వాళ్ళున్నారు. మన ఇళ్ళల్లో బాలింతకి తలనొప్పి వస్తే చలి కొట్టిందని చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి పడుకోబెడతారు, దూది పెట్టుకోండి నేను వద్దనను, కానీ ముందు బీపీ చూపించండి. ఈరోజే ఏఎన్‌ఎంని గానీ ఆశాని గానీ పిలిచి చూపించండి, తర్వాత ఈ పది రోజులూ రోజుకొకసారి. ఇచ్చిన బీపీ మాత్రలు బానే ఉంది కదా అని ఆపొద్దు, ఎప్పుడు తగ్గించాలో బీపీ చూసి డాక్టరు చెప్తారు. 160 పైన గానీ 110 పైన గానీ వచ్చినా, పారాసిటమాల్‌కి తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, డొక్కలో కుడిపక్క నొప్పి, పడుకుంటే ఆయాసం, వీటిల్లో ఒక్కటి వచ్చినా అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేసి, బాలింత, గర్భంలో బీపీ వచ్చింది, మాగ్‌సల్ఫ్ ఇచ్చారు అని మొదటి మాటే చెప్పండి. డిశ్చార్జి కాగితం దిండు కింద ఉంచండి.

మళ్ళీ కడుపుతో అయితే, మూడో నెల దాటేలోపే డాక్టరు దగ్గరికి పోయి ఈసారి జరిగింది మొత్తం చెప్పండి. చిన్న డోసు ఆస్పిరిన్ మాత్ర 12 వారాల నించి మొదలుపెడితే ఇది మళ్ళీ వచ్చే అవకాశం కొంత తగ్గుద్ది, అది 16 వారాల లోపు మొదలైతేనే బాగా పని చేస్తది, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నా. మీ చెల్లెలి ఈ డిశ్చార్జి కాగితం అప్పటికి పోకుండా ఫోన్‌లో ఫోటో తీసి కూడా పెట్టుకోండి, 88 వేలు అనే ఆ నెంబరు కనపడేటట్టు.